ఖాళీ పోర్టల్‌లోకి ఎక్కకముందు

అందరికీ నమస్కారం.

పెద్ద కంపెనీలో ఒక ఖాళీ ఇంటర్నల్ జాబ్ పోర్టల్‌లో మీకు కనబడే రోజుకి, అది పుట్టి చాలాసార్లు వారాలు, ఒక్కోసారి నెలలు గడిచి ఉంటాయి. ఇవాళ నేను మాట్లాడేది ఆ వారాల గురించే.

ఖాళీ ఎలా పుడుతుందో ముందు చూద్దాం. ఒక టీంలో పని పేరుకుపోతుంది, లేదా ఎవరో రాజీనామా ఇస్తారు. మేనేజర్ కొన్నాళ్లు ఉన్నవాళ్లతోనే నెట్టుకొస్తారు. ఇక కుదరక, ఇంకో మనిషి కావాలని పైవాళ్లను అడుగుతారు. ఫైనాన్స్ వాళ్లు హెడ్‌కౌంట్‌లో చోటుందా, జీతానికి బడ్జెట్ ఉందా చూస్తారు. ఆమోదం వచ్చాక హెచ్‌ఆర్ రిక్విజిషన్, అంటే ఆ పోస్టు నింపడానికి అధికారిక అభ్యర్థన, తెరుస్తుంది, గ్రేడ్ తేలుస్తుంది, ఉద్యోగ వివరణ రాయిస్తుంది. ఇదంతా అయ్యాకే పోర్టల్.

ఈ లోపల మేనేజర్ చేతులు ముడుచుకుని కూర్చోరు. ఈ పని ఎవరికి వచ్చు, ఎవరు తొందరగా అందుకుంటారు అని చుట్టూ చూస్తారు, పక్క టీంల వాళ్లను అడుగుతారు. ప్రకటన వచ్చేసరికి ఒకటి రెండు పేర్లు ఆయన మనసులో ఉండటం మామూలే. ప్రతి ఖాళీనీ ప్రకటించి తీరాలన్న నియమం ఉన్నచోట కూడా, వివరణ రాసేటప్పుడు ఆ మనిషి పోలికలు అందులోకి వచ్చేస్తాయి. ఇది అన్యాయం కదా అంటే, కొంతవరకు అన్యాయమే. కానీ జరిగే తీరు ఇది.

మరి ఆ వారాల్లో కబురు మీకు ఎవరి ద్వారా వస్తుంది? మీ పక్క సీటు స్నేహితుడి ద్వారా మాత్రం అరుదు. మీకు తెలిసిందే ఆయనకూ తెలుసు. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో అచ్చయిన వ్యాసంలో దీన్నే చూపించారు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను, ఆ పరిచయస్తుణ్ణి అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారని అడిగితే, తరచుగా అన్నవాళ్లు సుమారు 17 శాతమే. అప్పుడప్పుడు అన్నవాళ్లు 56 శాతం దాకా, అరుదుగా అన్నవాళ్లు 28 శాతం. అది చిన్న నమూనా, పైగా కంపెనీలు మారినవాళ్ల మీద చేసింది. కానీ కారణం కంపెనీ లోపలా అదే: వేరే చోట తిరిగే మనిషి వేరే కబుర్లు వింటాడు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకామె బిల్లింగ్ విభాగంలో రెండేళ్లుగా పనిచేస్తున్నారు. ధరల విశ్లేషణ చేసే టీంలోకి వెళ్లాలని ఉంది, అక్కడ ఎవరూ తెలియదు. ఇలాంటప్పుడు చాలామంది నేరుగా ఆ విభాగం డైరెక్టర్‌కి మెసేజ్ పెడతారు, లేదా కంపెనీ పార్టీలో చేయి కలుపుతారు. రెండూ పెద్దగా పనిచేయవు. డైరెక్టర్‌కి ఖాళీ సంగతి తెలిసినా, పని ఎక్కడ ఆగిపోతోందో టీం లీడ్‌కి తెలిసినంత వివరంగా తెలియదు. పార్టీలో చూసిన ముఖం సోమవారానికి గుర్తుండదు.

ఆమె మొదలుపెట్టాల్సింది తన మెయిల్‌బాక్స్‌తోనే. గత 3 నెలల మెయిళ్లు, టికెట్లు తిరగేసి, తన విభాగం దాటి ఎవరెవరితో పని నడిచిందో రాసుకోవాలి. తప్పు ధర పడిన ఇన్‌వాయిస్‌ను సరిచేసిచ్చే విశ్లేషకుడు ఒకరు. నెలాఖరు లెక్కలడిగే ఫైనాన్స్ మనిషి ఒకరు. రెండు విభాగాల మధ్య తేదీలు చూసుకునే ప్రాజెక్ట్ కోఆర్డినేటర్ ఒకరు. ఈ కోఆర్డినేటర్లను చాలామంది లెక్కలోకి తీసుకోరు గానీ, ఏ ప్రాజెక్టుకు మనుషులు చాలడం లేదో మొదట తెలిసేది వాళ్లకే. ఆరుగురో ఎనిమిది మందో చాలు. అంతకు మించితే మూడు నెలలకొకసారి పలకరించడం కూడా కుదరదు.

తర్వాత మెసేజ్. నాలుగు వాక్యాలు దాటకూడదు, ఇద్దరికీ తెలిసిన పని అందులో ఉండాలి. ఇలా: “నమస్తే అండీ. పోయిన నెల డిస్కౌంట్ తేడా పడిన ఇన్‌వాయిస్‌లు మీరే సరిచేశారు. ఆ తేడా మీ వైపు ఎక్కడ మొదలవుతుందో తెలిస్తే మా దగ్గర ముందే ఆపొచ్చు. వచ్చే వారం ఒక 20 నిమిషాలు కుదురుతుందా?” దీనికి జవాబు వస్తుంది, ఎందుకంటే ఇందులో అవతలివాళ్ల తలనొప్పి కూడా తగ్గేదుంది. “మీతో పరిచయం పెంచుకోవాలనుకుంటున్నాను” అని రాస్తే ఏం చెప్పాలో తోచక పక్కన పెడతారు.

కూర్చున్నాక “ఖాళీలున్నాయా?” అని అడగకండి. ఆమోదం రాని పోస్టు గురించి చెప్పే అధికారం వాళ్లకు ఉండకపోవచ్చు. ఇబ్బందిపడి లేదనేస్తారు, మాట అక్కడితో ఆగిపోతుంది. హెడ్‌కౌంట్ చూసే ఫైనాన్స్ వాళ్లనూ హెచ్‌ఆర్ వాళ్లనూ అయితే అసలు కదపొద్దు. పని గురించి అడగండి. ఈ మూడు నెలల్లో ఏ పని వెనకబడుతోంది? ఏది మొదలుపెట్టాలనుకుని పెట్టలేకపోయారు? కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కడ తడబడతారు? జవాబుల్లోనే గుర్తులుంటాయి. ఒకే మనిషి పేరు మూడు ప్రాజెక్టుల్లో వినబడుతోందంటే అక్కడ మనిషి కొరత ఉంది. కాంట్రాక్టు మనిషి గడువు రెండోసారి పొడిగించారంటే ఆ పని తాత్కాలికం కాదు. కొత్త సాఫ్ట్‌వేర్‌కి తేదీ ఖరారై, తర్వాత దాన్ని ఎవరు చూసుకుంటారో ఎవరూ చెప్పలేకపోతే, అక్కడ పోస్టు రావచ్చు. రావచ్చు అనే అంటున్నాను. నియామకాలు ఆపేస్తే ఈ గుర్తులన్నీ ఉన్నా ఏమీ రాదు.

మన ఉదాహరణలో ఆమెకు తెలిసింది ఇది: డిస్కౌంట్ తేడాలను విశ్లేషకుడు ప్రతి నెలా చేత్తోనే వెతుకుతున్నాడు. వారం తిరక్కుండా ఆమె తన వైపు నుంచి తేడా పడిన ఇన్‌వాయిస్‌లను కారణాల వారీగా విడదీసి ఒక ఎక్సెల్ షీట్ పంపారు. అందులో ధరల పట్టిక ఆలస్యంగా అప్‌డేట్ కావడం వల్ల వచ్చినవే ఎక్కువ. ఆ షీట్ టీం లీడ్ దాకా వెళ్లింది. తర్వాతి నెల సమావేశానికి ఆమెనూ పిలిచారు. టీంలోకి మనిషిని అడిగే రోజు వచ్చినప్పుడు, ఆమె ఆ లీడ్‌కు ఒక పేరు మాత్రమే కాదు, ఆమె చేసిన పని ఆయన చూసి ఉన్నారు. ఇలాంటి షీట్ పంపేటప్పుడు ఒక్క జాగ్రత్త: మీ విభాగం డేటా బయటికి ఇవ్వడానికి అనుమతి ఉందో లేదో ముందు కనుక్కోండి.

ఎక్కువగా చెడేది మీ సొంత మేనేజర్ దగ్గర. మీరు పక్క విభాగంతో కూర్చుంటున్న సంగతి ఆయనకు మూడో మనిషి ద్వారా తెలిస్తే, మీరు వెళ్లిపోతున్నారనే అర్థమవుతుంది. ముఖ్యమైన పనులు మీకు రావడం తగ్గడం, మీటింగుల్లో మీ పేరు జారిపోవడం దానికి తొలి సూచనలు. అందుకే మొదటి సంభాషణకు ముందే, పనిని అడ్డుపెట్టుకునే చెప్పండి: “ఇన్‌వాయిస్ తేడాల మీద ధరల టీంతో మాట్లాడుతున్నాను సార్, తేలింది మీకూ పంపుతాను.” అది నిజం కూడా. మారాలన్న కోరిక ఎప్పుడు బయటపెట్టాలన్నది మీ కంపెనీ నియమాన్ని బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల దరఖాస్తు పెట్టగానే పోర్టలే మేనేజర్‌కి మెయిల్ పంపుతుంది, కొన్నిచోట్ల ఇంటర్వ్యూ దశలో. ఇప్పుడున్న పోస్టులో ఏడాదో ఏడాదిన్నరో పూర్తి చేయాలనే షరతు కూడా తరచుగా ఉంటుంది. ఆ పేజీ ముందే చదివి, మెయిల్ వెళ్లే దానికి ఒక రోజు ముందు మీరే నోటితో చెప్పండి.

ఎంపికయ్యాక మిగిలేది విడుదల తేదీ. కొత్త మేనేజర్ వెంటనే కావాలంటారు, పాత మేనేజర్ త్రైమాసికం అయ్యాక అంటారు. మధ్యలో మీరు మాట మోయకండి. ఆ ఇద్దరూ ఒకే మెయిల్‌లో తేదీ ఒప్పుకునేలా చూసుకోండి. లేకపోతే ఒకే నెలలో రెండు టీంల పని మీ నెత్తిన పడుతుంది.