నాలుగు మాత్రల గొడవ: పన్ను పీకే ముందు యాంటీబయాటిక్ ఎవరికి?

(శనివారం రాత్రి జరిగిన చర్చ. విన్నది విన్నట్టే రాశాను. ఒకరి మీద ఒకరు మాట్లాడిన చోట కొన్ని మాటలు అందలేదు. "రెండు వైపుల వాదనా సమానంగా" అని ప్రోమోలో వేశారు. ఎవరికెంత సమయం దక్కిందో చదివేవాళ్ళే చూసుకోవచ్చు.)

యాంకర్: నమస్కారం. వారం నుంచి వాట్సాప్‌లో తిరుగుతున్న వీడియో చూసే ఉంటారు. ఆరేళ్ళ కిందట గుండెకి మెటల్ వాల్వ్ వేయించుకున్న 42 ఏళ్ళ ఆవిడ దవడ పన్ను పీకించుకున్నారు. పన్నెండో రోజుకి జ్వరం మొదలైంది. ఇప్పుడు ఐసీయూలో ఉన్నారు, వాల్వ్ మీద ఇన్ఫెక్షన్. పన్ను పీకే ముందు యాంటీబయాటిక్ ఇవ్వలేదని బంధువులు క్లినిక్ ముందు కూర్చున్నారు. సూటిగా అడుగుతున్నా. తప్పు డెంటిస్ట్‌దా, కాదా?

రిటైర్డ్ ఫిజీషియన్: నూటికి నూరు పాళ్ళూ...

యాంకర్: సార్, ముందు కార్డియాలజిస్ట్ గారు.

కార్డియాలజిస్ట్: ఇవ్వాల్సిన మందు ఇవ్వలేదు, అది నిజం. మెటల్ వాల్వ్ ఉన్నవాళ్ళకి పన్ను పీకే ముందు యాంటీబయాటిక్ ఇవ్వాలనేదాంట్లో ఇప్పుడు అమెరికా వాళ్ళకీ యూరప్ వాళ్ళకీ తేడా లేదు. కానీ ఆ మందు ఇవ్వనందుకే ఈ జబ్బు వచ్చిందా అనేది...

రిటైర్డ్ ఫిజీషియన్: ఇంకేం కావాలండీ! ఆయనే ఒప్పుకున్నాడు. నలభై ఏళ్ళ ప్రాక్టీసు నాది. నాలుగు అమాక్సిసిలిన్ గొట్టాలు, 500 వి, మొత్తం రెండు గ్రాములు. సినిమా టికెట్ అంత ఖర్చు కూడా కాదు. గుండె జబ్బు అన్నాడా, ఇచ్చెయ్. వాల్వ్ మారిందా, స్టెంట్ వేశారా, గుండెలో చప్పుడుందా అని ఈ లెక్కలన్నీ ఎందుకు?

డెంటిస్ట్: అక్కడే సార్ ఇబ్బంది. స్టెంట్ వేసుకున్నవాళ్ళకి, బైపాస్ అయినవాళ్ళకి, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకి పంటి పని కోసం ఇది అక్కర్లేదు. మా దగ్గరికి "గుండె పేషెంట్" అని వచ్చేవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళే.

రిటైర్డ్ ఫిజీషియన్: అమ్మా, పోయేదేముంది? ఒక్క డోసు!

డెంటిస్ట్: పెన్సిలిన్ పడనివాళ్ళు ఉంటారు కదా సార్. అరుదే కావచ్చు, కుర్చీలోనే బీపీ పడిపోతే...

యాంకర్: మేడమ్, నా ప్రశ్న తప్పించుకుంటున్నారు. ఆ డెంటిస్ట్ తప్పు చేశాడా లేదా?

డెంటిస్ట్: ఆ ఫారంలో గుండె జబ్బు కాలమ్ ఖాళీగా ఉందని మీ వీడియోలోనే చూపించారు. అడగలేదో, అడిగితే ఆవిడ చెప్పలేదో మనకి తెలియదు. అడిగి రాయించుకోవాల్సింది మేమే, కాదనను. అయితే పంటి డాక్టర్‌కి గుండె సంగతి ఎందుకని చాలామంది చెప్పరు. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఏసిట్రోమ్ వాడుతున్నారా అని మందు పేరు పెట్టి అడిగితే అప్పుడు బయటపడుతుంది.

వాల్వ్ మార్పించుకున్న అతను: నాకు అలాగే అయింది మేడమ్. నాకు 2014లో మైట్రల్ వాల్వ్ మార్చారు. పన్ను కదులుతోందని పోతే ఏసిట్రోమ్ ఐదు రోజులు ఆపెయ్యమన్నారు, ఐదు రోజుల యాంటీబయాటిక్ కోర్సు రాశారు.

కార్డియాలజిస్ట్: అయ్యో, రెండూ తప్పేనండీ. మెటల్ వాల్వ్ ఉన్నవాళ్ళు సొంతంగా ఏసిట్రోమ్ ఆపితే వాల్వ్ మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. రక్తం ఎంత పల్చగా ఉందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష ముందు చూసి, అది ఉండాల్సిన చోట ఉంటే మందు ఆపకుండానే ఒక పన్ను తీయొచ్చు. ఇక యాంటీబయాటిక్ విషయానికొస్తే...

రిటైర్డ్ ఫిజీషియన్: ఐదు రోజులు ఇస్తే తప్పేంటయ్యా? మేమంతా అలాగే ఇచ్చాం!

కార్డియాలజిస్ట్: సార్, పూర్తిగా చెప్పనివ్వండి. పన్ను పీకినప్పుడు చిగురు దగ్గర క్రిములు కాసేపు రక్తంలోకి వస్తాయి. సరిగ్గా ఆ సమయానికి మందు రక్తంలో నిండుగా ఉండాలి. అందుకే పనికి అరగంట నుంచి గంట ముందు ఒకే ఒక్క డోసు. మర్చిపోతే, పని అయిన రెండు గంటల్లోపు ఇవ్వొచ్చు. తర్వాత ఐదు రోజులు మింగినా దీనికి ఉపయోగం లేదు. పంటికి చీము పట్టి దానికోసం కోర్సు కావాల్సి వస్తే అది వేరే లెక్క.

యాంకర్: అంటే ఆ నాలుగు మాత్రలు ఇచ్చుంటే ఆవిడ ఈరోజు ఇంట్లో ఉండేవారు. అవునా, కాదా?

కార్డియాలజిస్ట్: అలా చెప్పలేం. ఆవిడకి రెండు నెలలుగా ఆ పంటి కింద చీము ఉందని వాళ్ళ తమ్ముడే వీడియోలో అన్నాడు. చీము పట్టిన పంటితో రెండు నెలలు అన్నం నమిలారు. నమిలిన ప్రతిసారీ కొన్ని క్రిములు లోపలికి పోయే అవకాశం ఉంది. 2008లో ఒక అమెరికా పరిశోధనలో పన్ను పీకినప్పుడు నూటికి 60 మంది రక్తంలో క్రిములు కనబడ్డాయి. అమాక్సిసిలిన్ ఇచ్చినవాళ్ళలో అది 33. మామూలుగా బ్రష్ చేసుకున్నవాళ్ళలోనే 23. బ్రష్ రోజూ చేస్తాం, పన్ను ఎప్పుడో ఒకసారి పీకిస్తాం. ఆవిడ వాల్వ్‌కి క్రిమి ఏ రోజు అంటుకుందో...

రిటైర్డ్ ఫిజీషియన్: అరవై, ముప్పై మూడు! విన్నారా? ఆయన లెక్కే నా లెక్క! సగానికి సగం తగ్గింది!

కార్డియాలజిస్ట్: రక్తంలో క్రిములు కనబడటం వేరు, వాల్వ్ మీద జబ్బు...

(ఇద్దరూ ఒకేసారి. కొన్ని క్షణాలు ఏమీ అర్థం కాలేదు.)

రిటైర్డ్ ఫిజీషియన్: ...బ్రిటన్ సంగతి చెప్పండి ముందు! 2008లో అసలు ఎవరికీ వద్దన్నారు. ఏమైంది? వాల్వ్ ఇన్ఫెక్షన్ కేసులు పెరిగాయి! లాన్సెట్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది!

కార్డియాలజిస్ట్: 2015లో వచ్చింది, నిజమే. మందులు రాయడం బాగా పడిపోయింది, కేసులు అనుకున్నదానికంటే పెరిగాయి. అందుకే అది జరిగిందని మాత్రం ఆ పేపర్ రాసినవాళ్ళే తేల్చలేదు. మరుసటి ఏడాది బ్రిటన్ వాళ్ళు "మామూలుగా అందరికీ అక్కర్లేదు" అని ఒక మాట చేర్చారు. నేను ఎవరికీ వద్దనడం లేదు సార్. ఎవరికి ఇవ్వాలో చెప్తున్నా. మార్చిన వాల్వ్, అది మెటల్‌దైనా, జంతు కణజాలంతో చేసినదైనా, తొడ నుంచి ట్యూబ్ ద్వారా పెట్టినదైనా. వాల్వ్ రిపేర్‌లో రింగు లాంటిది వేసినవాళ్ళు. ఇంతకుముందు ఒకసారి ఎండోకార్డైటిస్, అంటే ఇలా గుండె లోపల ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ళు. పుట్టుకతో గుండె జబ్బు ఉండి ఒళ్ళు నీలంగా మారేవాళ్ళు, లేదా ఆపరేషన్ తర్వాత ప్యాచ్ పక్కన లీకు మిగిలినవాళ్ళు. స్థూలంగా అంతే.

రిటైర్డ్ ఫిజీషియన్: మరి మన ఊళ్ళలో రుమాటిక్ పిల్లలు? చిన్నప్పుడు కీళ్ళ నొప్పులు వచ్చి వాల్వ్ ముడుచుకుపోయినవాళ్ళు? అమెరికాలో కూర్చుని రాసినవాడికి వాళ్ళు కనబడరు! ఆస్ట్రేలియా వాళ్ళు రుమాటిక్ వాళ్ళకి కూడా ఇస్తున్నారు, తెలుసా బాబూ?

(నిజం చెప్పాలంటే, ఆయన అరిచినవాటిలో ఆలోచించాల్సింది ఇదొక్కటే. యాంకర్ దీన్ని ముందుకు పోనివ్వలేదు.)

యాంకర్: అంటే మన దగ్గర నిర్లక్ష్యం! డెంటల్ క్లినిక్‌ల మీద నిఘా ఉండాలంటారా?

డెంటిస్ట్: నిఘా సంగతి తర్వాత. రుమాటిక్ పిల్లల గురించి ఒక మాట చెప్పాలి. వాళ్ళలో చాలామంది మూడు వారాలకోసారి పెనిడ్యూర్ అనే పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించుకుంటారు. "అది వేసుకుంటున్నా కదా, పంటికి కూడా సరిపోతుంది" అనుకుంటారు. సరిపోదు. అది రుమాటిక్ జబ్బు తెచ్చే క్రిమి గొంతులోకి మళ్ళీ రాకుండా ఇచ్చేది, చాలా తక్కువ మోతాదు ఒంట్లో ఉంటుంది.

కార్డియాలజిస్ట్: పైగా ఏళ్ళ తరబడి పెన్సిలిన్ పడ్డ నోట్లో దానికి లొంగని క్రిములు ఉండొచ్చు. అలాంటివాళ్ళకి మార్చిన వాల్వ్ కూడా ఉంటే అమాక్సిసిలిన్ కాకుండా అజిత్రోమైసిన్ 500 లాంటి వేరే రకం ఇస్తాం. సార్ అడిగినదానికి నా సమాధానం ఇది. సొంత వాల్వే ఉండి రుమాటిక్ జబ్బు ఉన్నవాళ్ళకి అందరికీ తప్పనిసరి అనను. పళ్ళు బాగా పాడై, వాల్వ్ బాగా దెబ్బతిన్నవాళ్ళ విషయంలో కూర్చుని ఆలోచిస్తాను. ముడుచుకున్న వాల్వ్‌ని బెలూన్‌తో తెరిపించుకున్నవాళ్ళూ ఈ కోవలోకే వస్తారు. లోపల కొత్త వస్తువు ఏదీ పెట్టరు కదా.

రిటైర్డ్ ఫిజీషియన్: ఆలోచిస్తాడట! పేషెంట్ కుర్చీలో నోరు తెరుచుకుని ఉంటే ఈయన ఆలోచిస్తాడట! ఇచ్చెయ్యండి బాబూ, ఇచ్చెయ్యండి!

యాంకర్: (నవ్వుతూ) పెద్దాయన మాట సూటిగా ఉంది.

డెంటిస్ట్: ఏ పనికి ఇవ్వాలో కూడా చెప్పాలి. పీకడం, చిగుళ్ళ లోపల క్లీనింగ్, పంటి వేరు కొన దాటే పని, అంటే చిగురు కదిలించే పనులకి. ఎక్స్‌రే తీయడానికి, కట్టుడు పళ్ళు పెట్టడానికి, పిల్లల పాల పళ్ళు ఊడితే అక్కర్లేదు.

యాంకర్: మేడమ్, ప్రేక్షకులకి ఇంత లోతు వద్దు. తప్పెవరిది?

కార్డియాలజిస్ట్: తప్పు అంటున్నారు కాబట్టి ఇంకోటి చెప్తాను. పన్నెండో రోజు జ్వరం వచ్చాక ఆవిడ ఏం చేశారు? ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర రెండుసార్లు ఇంజెక్షన్లు. తగ్గింది, మళ్ళీ వచ్చింది. సాయంత్రం చలి, రాత్రికి చెమటలు. అలా మూడు వారాలు. తర్వాత పెద్దాసుపత్రిలో రక్తం కల్చర్‌కి పంపితే ఏ క్రిమీ పెరగలేదు. యాంటీబయాటిక్ ముందే పడింది కాబట్టి. ఏ క్రిమో తెలియకపోతే మందు గుడ్డిగా ఇవ్వాల్సి వస్తుంది. చివరికి గొంతులోంచి ట్యూబ్ వేసి ఎకో చేస్తే వాల్వ్ మీద ఇన్ఫెక్షన్ గడ్డ కనబడింది. మార్చిన వాల్వ్ ఉండి, కారణం తెలియని జ్వరం వస్తే యాంటీబయాటిక్ కంటే ముందు వేర్వేరు చోట్ల నుంచి మూడుసార్లు రక్తం తీసి కల్చర్‌కి పంపాలి. నన్నడిగితే ఈ కేసులో ఎక్కువ నష్టం ఆ మూడు వారాల్లోనే...

రిటైర్డ్ ఫిజీషియన్: పక్కదారి! ఇది పక్కదారి! మొదట ఆ నాలుగు గొట్టాలు ఇచ్చుంటే జ్వరమే లేదు!

యాంకర్: అదే నేనూ అడుగుతున్నా. మా పోల్‌లో కూడా ఎక్కువమంది తప్పు డెంటిస్ట్‌దే అంటున్నారు.

డెంటిస్ట్: పోల్ పెట్టి తేల్చే విషయమా సార్ ఇది?

యాంకర్: ప్రజల అభిప్రాయం మేడమ్. సమయం అయిపోతోంది. పెద్దాయనా, చివరి మాట మీదే.

రిటైర్డ్ ఫిజీషియన్: గుండె అన్నాడా, నాలుగు గొట్టాలు. రాసుకోండి.

వాల్వ్ మార్పించుకున్న అతను: సార్, ఒక్కటి. నాకు సోమవారం పదకొండింటికి చిగుళ్ళ క్లీనింగ్ ఉంది. ఆ మాత్రలు ఇంట్లో వేసుకుని బయల్దేరాలా, అక్కడికి వెళ్ళాకా? అక్కడ గంటన్నర కూర్చోబెడతారు.

కార్డియాలజిస్ట్: ఇంట్లో వేసుకోకండి. మాత్రలు జేబులో పెట్టుకెళ్ళండి, ఎన్నింటికి కుర్చీలో కూర్చోబెడతారో అడిగి దానికి సరిగ్గా గంట ముందు... మీకు పెన్సిలిన్ పడుతుందా? ఇంతకుముందు ఎప్పుడైనా దద్దుర్లు...

యాంకర్: చిన్న బ్రేక్. ఆ తర్వాత: మెడికల్ షాపుల్లో చీటీ లేకుండా యాంటీబయాటిక్‌లు. తప్పెవరిది?