పెసరట్టు వీడియోలో లేని అల్లప్పచ్చడి: ఏఐ వర్ణన ఎక్కడ తప్పుతుంది?

[తెరపై: పొయ్యి మీద ఇనుప పెనం. మూలన గడియారం, 00:00 నుంచి 01:20 వరకు.]

నమస్కారం. ఒక వీడియోను ఏఐ మోడల్‌కు ఇచ్చి అందులో ఏం జరిగిందో చెప్పమన్నప్పుడు రెండు రకాల తప్పులు తరచుగా వస్తుంటాయి. లేని వస్తువులు ఉన్నాయని చెప్పడం మొదటిది, జరిగిన పనుల వరుసను మార్చి చెప్పడం రెండవది. ఈ రెండూ ఎలా పుడతాయో ఒకే ఉదాహరణతో చూద్దాం. ఇది మన వివరణ కోసం కూర్చుకున్న ఉదాహరణే అయినా, ఇందులోని ఒక్కొక్క తప్పూ ఇలాంటి మోడళ్లలో నిజంగా కనిపించే రకానిదే.

వీడియో నిడివి 80 సెకన్లు. ఒక గృహిణి పెనం మీద పెసరపిండి పోసి గరిటెతో పలుచగా తిప్పుతారు, అంచుల వెంట నూనె వేస్తారు. 27వ సెకను దగ్గర అట్లకాడతో తీయబోతే అట్టు అంటుకొని చిరిగిపోతుంది. ఆ ముక్కలను పక్కనున్న గిన్నెలో వేసేసరికి 33వ సెకను అవుతుంది. పెనాన్ని కాసేపు అలాగే ఉంచి, 43వ సెకనులో సగం కోసిన ఉల్లిపాయను నూనెలో అద్ది పెనమంతా రుద్దుతారు. ఆ తరువాత పోసిన రెండో అట్టు చక్కగా వస్తుంది. దాన్ని తిరగవేయకుండానే మడిచి పళ్లెంలో పెట్టడంతో వీడియో ముగుస్తుంది.

[తెరపై: మోడల్ ఇచ్చిన వర్ణన, ఒక్కో వాక్యంగా.]

మోడల్ ఇచ్చిన వర్ణన ఇలా ఉంది: «ఒక మహిళ పెనాన్ని వేడి చేసి ఉల్లిపాయతో రుద్దుతుంది. తరువాత పిండి పోసి, నూనె వేసి, తరిగిన ఉల్లిపాయలు, పచ్చిమిర్చి చల్లుతుంది. అట్టును తిరగవేసి కాల్చి, అల్లప్పచ్చడితో వడ్డిస్తుంది.»

చదవడానికి ఈ వర్ణన ఎంతో సహజంగా ఉంది, ప్రమాదమూ అక్కడే ఉంది. వీడియో చూడనివారికి ఇందులో అనుమానించవలసిన మాట ఒక్కటీ కనిపించదు. కానీ వీడియోలో పచ్చిమిర్చి లేదు, తరిగిన ఉల్లిపాయలు లేవు, అల్లప్పచ్చడి అసలే లేదు. అట్టును తిరగవేయలేదు. పెనాన్ని రుద్దింది మొదట కాదు, మొదటి అట్టు చెడిన తరువాత. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ చిరిగిన అట్టు ఊసే వర్ణనలో లేదు.

[తెరపై: 2000 చిన్న చిత్రాలు. వాటిలో ఎనిమిది మాత్రమే వెలుగుతాయి.]

ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే మోడల్‌కు నిజంగా ఏం అందిందో చూడాలి. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన ఈ వీడియోలో 2000 ఫ్రేములున్నాయి. వీటన్నిటినీ మోడల్ చూడదు. 2023లో వచ్చిన లావా 1.5 అనే మోడల్‌లో ఒక్క చిత్రం 576 టోకెన్లుగా, అంటే మోడల్ చదువుకునే చిన్న ముక్కలుగా, మారుతుంది. అదే లెక్కన 2000 ఫ్రేములకు పదకొండున్నర లక్షల టోకెన్లు కావాలి. వీడియో కోసం తయారైన మోడళ్లు ఈ సంఖ్యను కుదించుకుంటాయి కానీ భారం పూర్తిగా తీరదు. అందుకే సమాన దూరంలో కొన్ని ఫ్రేములను మాత్రమే ఎంచుకోవడం వాడుకగా మారింది. మన ఉదాహరణలో ఎనిమిదింటినే ఎంచుకున్నారనుకుందాం: 5, 15, 25, 35, 45, 55, 65, 75 సెకన్ల దగ్గరవి.

[తెరపై: ఎనిమిది ఫ్రేములు వరుసగా.]

వాటిని చూడండి. 25వ సెకనులో పెనం మీద అట్టు నిండుగా ఉంది. 35వ సెకనులో పెనం ఖాళీగా ఉంది. అట్టు చిరిగింది 27, 33 సెకన్ల మధ్య కాబట్టి ఆ ఘటన ఒక్క ఫ్రేములోనూ పడలేదు. మోడల్ దాన్ని మరచిపోలేదు, దానికి అది అందనే లేదు. అయితే ఖాళీ పెనం, దాని తరువాత ఉల్లిపాయ రుద్దుతున్న చెయ్యి, ఆపైన మళ్లీ పిండి మాత్రం దాని ముందున్నాయి. ఒక అట్టు తీశాక మరొకటి పోశారని చెప్పడానికి ఇవి చాలు. ఆ మాట చెప్పకపోవడానికి కారణం ఫ్రేముల కొరత కాదు, భాష అలవాటు.

వర్ణన రాసే భాగం నిజానికి ఒక భాషా మోడల్. ఒక మాట తరువాత ఏ మాట రావడం సహజమో లెక్కలేనంత పాఠ్యం నుంచి నేర్చుకుంది. అట్ల తయారీ గురించి రాసేవారెవరైనా పెనం రుద్దడాన్ని మొదటే చెబుతారు. అందుకే 35, 45 సెకన్ల చిత్రాలు వర్ణనలో మొదటికి జరిగి, రెండు అట్లు ఒకటైపోయాయి. పెసరట్టు అన్నాక అల్లప్పచ్చడి రావడం కూడా ఇలాంటిదే. ఆ రెండు మాటలూ పాఠ్యంలో అంత తరచుగా జంటగా వస్తాయి. సగం ఉల్లిపాయ మాత్రం నిజంగానే కనిపించింది, దాన్ని మోడల్ తనకు బాగా పరిచయమైన తరిగిన ఉల్లిపాయల రూపంలోకి మార్చేసింది. వర్ణన పొడవయ్యే కొద్దీ ఈ బెడద పెరుగుతుంది. కళ్ల ముందున్న చిత్రం కంటే అప్పటికే రాసిన వాక్యాలే తరువాతి మాటను ఎక్కువగా లాగుతాయి. పచ్చడి చివరి వాక్యంలో రావడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం.

శిక్షణకు వాడిన సమాచారంలో కూడా కొంత లోపముంది. 2019లో విడుదలైన హౌ టు 100 ఎం అనే సంకలనంలో, పనులు చేసి చూపే వీడియోల నుంచి తీసిన 13 కోట్లకు పైగా ముక్కలున్నాయి. వాటికి వర్ణనగా తీసుకున్నది ఆ వీడియోల్లోని మాటలనే. «ఇప్పుడు ఉల్లిపాయలు వేద్దాం» అని చెప్పిన చాలాసేపటికి గానీ వేయరు. కొన్నిసార్లు చెప్పి కూడా వేయరు. చిత్రానికీ మాటకూ కాలం కుదరని చోట నేర్చుకున్న మోడల్‌కు వరుస విలువ గట్టిగా పట్టుబడదు.

[తెరపై: «పచ్చిమిర్చి ఉందా?» «అట్లకాడ ఉందా?»]

ఇక ఈ తప్పులను పట్టుకోవడం ఎలా? వస్తువుల విషయంలో 2023లో పోప్ అనే పరీక్ష వచ్చింది. అది నిశ్చల చిత్రాల కోసం చేసినదే అయినా పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. ఉన్న వస్తువుల గురించీ, లేకపోయినా సాధారణంగా ఆ చోట ఉండే వస్తువుల గురించీ విడివిడిగా అడిగి, అవునో కాదో చెప్పమంటారు. పెనం పక్కన సైకిలుందా అని అడిగితే చాలా మోడళ్లు లేదనే అంటాయి కాబట్టి అలాంటి ప్రశ్నలతో తెలిసేది తక్కువ. పచ్చిమిర్చి, పచ్చడి, కరివేపాకు గురించి అడిగినప్పుడు లోపం ఎక్కువగా బయటపడుతుంది.

వరుస విషయంలో నాకు బాగా నచ్చిన పరీక్ష మరొకటి ఉంది. వీడియోను 40వ సెకను దగ్గర రెండుగా కోసి, రెండో సగాన్ని ముందుకు తెచ్చి, అదే మోడల్‌కు మళ్లీ ఇవ్వాలి. ఇప్పుడు పెనం రుద్దడం నిజంగానే మొదట వస్తుంది. మోడల్ మునుపటి వర్ణననే తిరిగి ఇస్తే, అందులోని వరుస ఈసారి సరైనదే అవుతుంది. కానీ రెండు వేర్వేరు వీడియోలకు ఒకే వరుస చెప్పిందంటే, ఆ వరుసను చూసి చెప్పలేదన్నమాట. ఒక్క వీడియోతోనే పరీక్షించి సరిగ్గా చెప్పిందని తృప్తిపడేవారు ఈ సంగతిని ఎప్పటికీ గమనించలేరు.

ఫ్రేముల సంఖ్యను సెకనుకు రెండు చొప్పున 160కి పెంచితే చిరిగిన అట్టు తప్పక కనిపిస్తుంది, వరుస మాత్రం దానంతట అదే కుదురుకోదు. ప్రతి ఫ్రేము పక్కన దాని సమయాన్ని అక్షరాలలో చేర్చి, వర్ణనలోని ప్రతి వాక్యానికీ సమయం రాయమంటే తనిఖీ చాలా తేలికవుతుంది. 45వ సెకను అని రాసిన వాక్యం మొదటి వరుసలో ఉంటే ఎవరికైనా ఇట్టే కనిపిస్తుంది.

[తెరపై: సవరించిన వర్ణన, ఎనిమిది ఫ్రేముల కింద.]

ఆ ఎనిమిది ఫ్రేములతోనే రాయగలిగిన నిజాయితీ గల వర్ణన ఇది: «5వ సెకనులో పిండి తిప్పుతున్నారు. 15వ సెకనులో అంచుల వెంట నూనె వేస్తున్నారు. 25వ సెకనులో పెనం మీద అట్టు ఉంది. 35వ సెకనులో పెనం ఖాళీగా ఉంది, ఆ అట్టు ఏమైందో ఈ చిత్రాలలో లేదు. 45వ సెకనులో సగం ఉల్లిపాయతో పెనం రుద్దుతున్నారు. 55వ సెకనులో మళ్లీ పిండి తిప్పుతున్నారు. 65వ సెకనులో పెనం మీద అట్టు ఉంది. 75వ సెకనులో మడిచిన అట్టు పళ్లెంలో ఉంది.»