ఫ్లెక్సీ మీద ఆ నాలుగు మాటలు

(ఫోన్-ఇన్ కార్యక్రమం లిఖిత రూపం. అతిథిగా వచ్చినవారు ఓ దినపత్రికలో చాలా ఏళ్లు శ్రద్ధాంజలి ప్రకటనల పేజీ చూసి రిటైరైన సబ్ ఎడిటర్.)

యాంకర్: చిన్న వయసులో పోయిన స్నేహితుడి ఫొటో కింద ఏం రాయాలి అన్నది ఇవాళ్టి విషయం. మేడమ్, నమస్కారం. మొదటి కాలర్ కరీంనగర్ నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే మేడమ్. మా ఫ్రెండ్ రాత్రి చనిపోయిండు. స్టేటస్ పెడదామని రాసుకున్న, చదవమంటారా?

అతిథి: చదవకు నాన్నా. ముందు ఇది చెప్పు. వాళ్ల బంధువులందరికీ తెలిసిందా?

కాలర్: వాళ్లక్క దుబాయ్‌లో ఉంది. రేపొస్తది. యాక్సిడెంట్ అని మాత్రమే చెప్పిన్రు.

అతిథి: అయితే స్టేటస్ ఆపు. ఆవిడ నంబర్ నీ ఫోన్‌లో ఉన్నా లేకపోయినా, మీ ఇద్దరికీ తెలిసినవాళ్లు ఒక్కరు ఫార్వర్డ్ చేస్తే చాలు. విమానం ఎక్కబోతూ నీ స్టేటస్‌లో చూసి తెలుసుకోవాలా? ఇంట్లోవాళ్లే పెట్టాక పెట్టు. ముందు ఇంట్లో అడగాలి. నేను ఇవాళ ఈ మాట పదిసార్లు అంటాను, విసుక్కోకండి.

యాంకర్: ధన్యవాదాలండి. తెనాలి నుంచి తర్వాతి కాలర్.

కాలర్: మేడమ్, నమస్కారం. మాది తెనాలి పక్కన ఊరు. మావాడు పోయి వచ్చే నెలకి ఏడాది. మేము ఫ్రెండ్స్ పదహారు మందిమి. సెంటర్‌లో ఫ్లెక్సీ వేద్దామని. అంటే పోయినప్పుడే వేద్దామనుకున్నాం, అప్పుడు ఎవరికీ మనసు లేదు. వాడంటే మాకు… ఇంటర్ నుంచి కలిసే ఉన్నాం. హైవే మీద బండి స్కిడ్ అయింది. ఇరవై నాలుగేళ్లు మేడమ్. మ్యాటర్ మా ఇంకో ఫ్రెండ్ రాశాడు, బాగా రాస్తాడు, కానీ నాకేదో…

అతిథి: నీకేదో అనిపించింది. అది మంచిదే. చదువు. పేరు మాత్రం ఇక్కడ చెప్పకు.

కాలర్: "అశృనివాళి. విధి ఆడిన వింత నాటకంలో మృత్యువు నిన్ను కబళించింది. మమ్మల్ని అనాథల్ని చేసి వెళ్లిపోయావా మామా? నీలాంటి స్పీడ్ కింగ్ మళ్లీ పుట్టడు." కింద బండి మీద ఫొటో.

అతిథి: ఆ బండి ఎవరు కొనిచ్చారు?

కాలర్: …వాళ్ల నాన్నగారు. ఫైనాన్స్‌లో.

అతిథి: ఆయన ఆ సెంటర్ మీదుగానే వెళ్తారా?

కాలర్: వాళ్ల పాల కేంద్రం అక్కడే మేడమ్.

అతిథి: అంటే రోజూ పొద్దున్నే క్యాన్లు దించుతూ ఆ బండినీ, ఆ "స్పీడ్ కింగ్"నీ చూస్తారు. మీరు మెచ్చుకున్నారు. ఆయనకి మాత్రం "నువ్వు కొనిచ్చిన బండే" అని వినిపిస్తుంది. ఫొటో మార్చండి. ఎలా పోయాడో తెలిపేది ఫొటోలోనూ వద్దు, మాటల్లోనూ వద్దు. కబళించడం, విధి, నాటకం… ఇవన్నీ నేను కొన్ని వందల ప్రకటనల్లో చూశాను, ఎవరికి వేసినా సరిపోయేవే. ఇక అనాథలు అన్నావు. వాళ్లమ్మ బతికే ఉన్నారా?

కాలర్: ఉన్నారు మేడమ్.

అతిథి: మరి కొడుకు పోయినది ఆవిడకి కదా, అనాథలు మీరెలా అయ్యారు? "వెళ్లిపోయావా" అంటే వాడేదో కావాలని వదిలేసి వెళ్లినట్టు ఉంటుంది. తల్లి పక్కన నిలబడి చదువుతోందనుకుని ఒక్కో వాక్యం చదువు. గొంతు ఎక్కడ తడబడితే అది కొట్టెయ్. సరే, వాడి గురించి ఒక్కటి చెప్పు. మంచివాడు, సరదా మనిషి అని కాదు. ఏం చేసేవాడు?

కాలర్: క్రికెట్ ఆడేవాళ్లం మేడమ్. వాడికి బ్యాటింగ్ రాదు. నవ్వేవాళ్లం. అందుకని స్కోర్ రాసేవాడు, స్కూల్ గోడ మీద బొగ్గుతో. సెలవు రోజు సాయంత్రం పాల కేంద్రంలో లెక్కలు రాస్తూ కూడా, మేము రోడ్డు మీద వెళ్తుంటే అరిచి స్కోర్ చెప్పేవాడు, టీవీలో మ్యాచ్ ఉంటే. వాళ్ల నాన్న తిట్టేవారు, ఆయనా నవ్వేవారు.

అతిథి: ఇదీ. ఇప్పుడు రాసుకో. "పాల కేంద్రంలో లెక్కలు రాస్తూనే మాకు స్కోర్ చెప్పేవాడు. ఏడాది అయింది. మ్యాచ్ ఉన్న రోజు ఇప్పటికీ అటు చూస్తాం." పైన పేరు, కింద "స్నేహితులు". ఇంకేం వద్దు.

కాలర్: "నువ్వు" అని రాయకూడదా మేడమ్? మేము వాడితో మాట్లాడినట్టు…

అతిథి: రాయొచ్చు, తప్పు లేదు. కానీ అందరూ తిరిగే సెంటర్‌లో "మామా" అని పిలిస్తే, ఆ చనువు మీకూ వాడికీ మధ్యది, దారిన పోయేవాళ్లకి కాదు. స్టేటస్‌లో అయితే నీ ఇష్టం. ఇక బొగ్గు, గోడ, బ్యాటింగ్ రాదనడం… ఇవి మీ మధ్య నవ్వులు. తల్లి కూడా నవ్వుతుందంటేనే వేయండి. రాసింది వాళ్ల నాన్నగారికి చూపించు. ఆయన వద్దంటే అసలు ఫ్లెక్సీయే వద్దు. వాడి పేరున అన్నం పెట్టండి, వాళ్లింటికెళ్లి కూర్చోండి.

కాలర్: ఫొటోలు మేడమ్, మా పదహారు మందివి కింద…

అతిథి: ఒక్కటీ వద్దు! మీ ఊళ్లో ఫ్లెక్సీలు చూడలేదా, పోయినవాడి ఫొటో చిన్నదీ, కింద వరసగా కళ్లజోళ్లూ. అది ఎవరి ఫ్లెక్సీయో అర్థం కాదు. ఇంకోటి. "అశృ" కాదు, "అశ్రునివాళి". "శ్రద్ధాంజలి"లో దకి ధ వత్తు ఉంటుంది, "శ్రద్దాంజలి" అని వేస్తారు. నువ్వు వాట్సాప్‌లో సరిగ్గానే పంపినా, ఫ్లెక్సీ షాపులో "అను" అనే ఫాంట్లలో మళ్లీ టైప్ కొడతారు. తప్పులు అక్కడే పడతాయి. ప్రింట్‌కి ముందు స్క్రీన్ మీద నువ్వే చదువు, పేరు రెండుసార్లు. ఎన్ని రోజులు ఉంచుతారో కూడా ముందే అనుకోండి. వర్షానికి చిరిగి, వాడి ముఖం మధ్యకి చీలి వేలాడితే వాళ్లమ్మ చూడాలి. మూడో రోజు మీరే విప్పెయ్యండి.

యాంకర్: తర్వాత ఖమ్మం.

కాలర్: మేడమ్, మా స్నేహితురాలు క్రిస్టియన్. "స్వర్గీయ" అని వేసి, "ఆత్మకు శాంతి కలగాలి" అనొచ్చా?

అతిథి: చాలా ప్రొటెస్టెంట్ కుటుంబాల్లో పోయినవాళ్ల కోసం అలా ప్రార్థించరు. "ప్రభువు నందు నిద్రించిన" అంటారు. కేథలిక్ ఇళ్లలో పద్ధతి వేరు. ఆదరణ కూటమికి ఇంటివాళ్లు వేయించిన కార్డు చూడండి, అందులో మాటే వాడండి.

యాంకర్: ధన్యవాదాలు. విశాఖ నుంచి.

కాలర్: మేడమ్, మా కాలేజీ ఫ్రెండ్… తనే చేసుకుంది. బయట వేరేగా చెప్తున్నారు. పోస్ట్‌లో నిజం రాస్తే ఇంకొకరికి ఉపయోగమని…

అతిథి: ఇంటివాళ్లు చెప్పని సంగతి నువ్వు చెప్పకూడదమ్మా. ఎలా చేసింది, ఎందుకు చేసింది, ఏ మాటా రాయకు. "ఇప్పుడు ప్రశాంతంగా ఉంది" అని కూడా వద్దు, అదే బాధలో ఉన్న ఇంకో పిల్ల దాన్ని దారి అనుకుంటుంది. ఆమె చేసిన పని ఒకటి, నీకు గుర్తున్నది, అది రాయి. నీకు నిద్ర పడుతోందా?

కాలర్: లేదు మేడమ్.

అతిథి: టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పోస్ట్ తర్వాత. ముందు అది చెయ్యి.

యాంకర్: అందరూ నంబర్ రాసుకోండి, 14416. ఇంకా ఒక్క నిమిషమే ఉంది. తెనాలి కాలర్ మళ్లీ లైన్‌లో ఉన్నారు.

కాలర్: మేడమ్, సారీ. వాళ్ల నాన్నగారికి ఇప్పుడే ఫోన్ చేశా. చదివి వినిపించా.

అతిథి: ఏమన్నారు?

కాలర్: కాసేపు మాట్లాడలేదు. తర్వాత "స్కోర్ అని కాదురా, ఆరోజు ఎవరెంత కొట్టారో పేర్లతో చెప్పేవాడు, అది రాయండి" అన్నారు. రాయమంటారా?

అతిథి: రాయి నాన్నా. ఆయన చెప్పిన మాట చెప్పినట్టే రాయి.

యాంకర్: వార్తల సమయం అయింది. ధన్యవాదాలు మేడమ్.