సిగ్నల్ లేని ఊరికి మ్యాపు, విజ్ఞాన సర్వస్వం

శ్రోతలకు నమస్కారం.

మా అక్కవాళ్ళ ఊరు కడప జిల్లాలో పోరుమామిళ్ళ దాటి, కొండ వారన ఉంటుంది. ఫోన్‌లో మాట్లాడాలంటే ఊరి మొదట్లో ఉన్న ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గరికి నడవాలి. అక్కడ మాట వరకు వినిపిస్తుంది. నెట్ మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది.

రెండేళ్ళ కిందట ఒక రాత్రి ఆ వీధిలో ఒక అమ్మాయికి నొప్పులు మొదలైతే, మా మేనల్లుడు జీపులో ఎక్కించుకుని కడపకు బయల్దేరాడు. వాడి ఫోన్‌లో మ్యాపు ముందే దించి పెట్టింది నేనే. బద్వేలు దాకా దారి చక్కగా చూపించింది. కడప ఊళ్ళోకి దిగాక వీధులు మాయమై, నాలుగు మసక గీతలు మిగిలాయి. ఆ వేళప్పుడు మేలుకుని ఉన్నవాళ్ళను అడుగుతూ అడుగుతూ ఆసుపత్రికి చేరారు. తల్లీ బిడ్డా క్షేమం. కానీ అరగంట వృథా అయింది, ఆ తప్పు నాది. మ్యాపు దించేటప్పుడు నేను మా ఊరి చుట్టూ గీత గీశాను. ఆపద వస్తే మా ఊరివాళ్ళు ఎక్కడికి పోతారో, అక్కడిదాకా గీయలేదు.

ఆ గీత ఎలా గీయాలో చెప్తాను. నెట్ బాగా ఉన్న టౌన్‌లో, కుదిరితే వైఫై దగ్గర, గూగుల్ మ్యాప్స్ తెరవండి. పైన కుడిచేతి మూల మీ ఫొటో గానీ మీ పేరులోని మొదటి అక్షరం గానీ ఉంటుంది. దాన్ని నొక్కితే వచ్చే వరసలో ఆఫ్‌లైన్ మ్యాప్స్ అని ఉంటుంది. అందులో మీకు కావలసిన మ్యాపు ఎంచుకోమంటే ఒక చతురస్రం కనబడుతుంది. మ్యాపు మీద రెండు వేళ్ళను ఒకదానికొకటి దగ్గరికి లాగేకొద్దీ ఆ చతురస్రంలోకి ఎక్కువ ఊళ్ళు వస్తాయి. ఎన్ని ఎంబీ పడుతుందో అక్కడే చూపిస్తుంది. మా ఊరికైతే పోరుమామిళ్ళ, బద్వేలు, మైదుకూరు, ప్రొద్దుటూరు, కడప అన్నీ అందులో పడాలి. నెల్లూరుకో తిరుపతికో పోయే అలవాటు ఉంటే వాటికి ఇంకో చతురస్రం విడిగా దించుకోవచ్చు.

ఇలా దించిన గూగుల్ మ్యాపుకు గడువు ఉంటుంది. ఏ తేదీ వరకో ఆ వరసలోనే రాసి ఉంటుంది. ఈలోపు నెట్ తగిలితే కొత్తది తెచ్చుకుంటుంది, తగలకపోతే గడువు దాటాక పోతుంది. నెట్ లేనప్పుడు అది బండి దారే చెప్తుంది, నడక దారి చెప్పదు. అందుకే నేను ఆర్గానిక్ మ్యాప్స్ అనే ఇంకో ఆప్ కూడా వేయిస్తాను. అది ఉచితం, ప్రకటనలు ఉండవు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని, ప్రపంచమంతటా మామూలు మనుషులు కలిసి 2004 నుంచి గీస్తున్న మ్యాపు ఒకటుంది. ఈ ఆప్‌లో కనబడేది అదే. ఇక్కడ చతురస్రం గీసే పని లేదు, ఇండియా కింద ఆంధ్రప్రదేశ్ అని ఎంచుకుంటే చాలు. నడక దారి కూడా చెప్తుంది.

మా మేనల్లుడు ఒకరోజు ఫోన్ నా ముఖం ముందు పెట్టి, "నెట్టు లేదు గదా మామా, ఈ చుక్క యాడనుంచి కదల్తాండాది?" అని అడిగాడు. మీలో చాలామందికి ఈ అనుమానం ఉంటుంది. ఇప్పుడు మీరు నా మాట వింటున్నారు. మీ రేడియో తిరిగి నాకేమీ పంపడం లేదు, గాలిలో వచ్చేది పట్టుకుని వినిపిస్తోంది, అంతే. జీపీఎస్ కూడా అలాంటిదే. సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు టైము చెప్తూ ఉంటాయి. ఫోన్ ఆ మాటలు విని, ఏది ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కగట్టి తానెక్కడుందో తెలుసుకుంటుంది. దానికి నెట్ అక్కర్లేదు, రీఛార్జీ కూడా అక్కర్లేదు. నెట్ కావలసింది ఆ చుక్క కింద పరిచే బొమ్మకే. ఆ బొమ్మను మనం ముందే దించి పెట్టుకున్నాం.

అయితే నెట్ ఉన్న ఫోన్‌కు ఏ ఉపగ్రహం ఎక్కడుందో నెట్టే చెప్పేస్తుంది. నెట్ లేకపోతే ఆ సంగతి కూడా ఉపగ్రహాల నుంచే నిదానంగా వినాలి. అందుకని మొదటిసారి చుక్క కుదరడానికి రెండు మూడు నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. రేకుల కింద, ఇంట్లో కూర్చుని చూస్తే కుదరదు. ఆకాశం కనబడేచోట నిలబడి కాసేపు ఓపిక పట్టాలి. చాలామంది ఇక్కడే టెన్షన్ పడి, పనిచేయడం లేదని మూసేస్తారు.

టౌన్ వదిలే ముందు ఒక పరీక్ష తప్పకుండా చేయండి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపి, మ్యాపులో మీ ఊరిని దగ్గరగా చూడండి. గీతలు మసకగా ఉంటే అక్కడ మ్యాపు దిగలేదని అర్థం. గీతలు స్పష్టంగా ఉండి ఊరు ఖాళీగా ఉంటే దిగింది గానీ, మీ ఊరిని ఇంతవరకు ఎవరూ గీయలేదని. ఈ రెండో రకం మన పల్లెల్లో ఎక్కువ. మా అక్కవాళ్ళ ఊరికి పేరు, పక్కన తారు రోడ్డు తప్ప ఇంకేమీ లేవు.

దానికి మేము చేసింది చిన్న పని. ఒక సాయంత్రం మేనల్లుడూ నేనూ ఊరంతా నడిచాం. బడి, చేతిపంపు, ట్యాంకు, 108 బండి వస్తే మలుపుకోగలిగిన చోటు, వాన పడితే నీళ్ళు నిలిచే కల్వర్టు, వీటిదగ్గర ఒక్కోచోట ఆగి ఆర్గానిక్ మ్యాప్స్‌లో గుర్తు పెట్టి తెలుగులో పేర్లు రాశాం. ఈ గుర్తులన్నీ కలిపి ఒకే ఫైలుగా చేసి, బ్లూటూత్ మీద పక్క ఫోన్‌కు పంపొచ్చు. ఏ గుర్తు నొక్కినా రెండు అంకెలు కనబడతాయి. మన వైపు మొదటిది 14తోనో 15తోనో, రెండోది 78తోనో 79తోనో మొదలవుతుంది. ట్యాంకు దగ్గర నిలబడి ఫోన్‌లో ఆ అంకెలు చదివి చెప్తే, అవతలివాళ్ళు తమ మ్యాపులో కొట్టి మీ చోటు చూడగలరు.

ఇక విజ్ఞాన సర్వస్వం. మ్యాపు ఎవరి ఫోన్‌లో వాళ్ళు టౌన్‌లోనే దించుకోవాలి, ఇది అలా కాదు. ఒకరు తెస్తే ఊరందరికీ సరిపోతుంది.

తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒకే ఫైలుగా కట్టి, కివిక్స్ అనే సంస్థ ఉచితంగా ఇస్తోంది. కివిక్స్ అనే ఆప్ వేసుకుని, పుస్తకాల జాబితాలో భాష తెలుగు అని ఎంచుకుంటే కనబడుతుంది. ఫైలు పేరులో te అని ఉంటే తెలుగు. maxi అంటే బొమ్మలతో సహా మొత్తం, nopic అంటే బొమ్మలు లేకుండా, mini అంటే ప్రతి వ్యాసంలో మొదటి భాగం మాత్రమే. పక్కన సైజు రాసి ఉంటుంది. జాగా ఉంటే maxi, లేకపోతే nopic తీసుకోండి. mini మీద పిల్లలు రెండో రోజే విసిగిపోతారు. ఇంగ్లీషుది మొత్తం కావాలంటే 100 జీబీకి అటూ ఇటూ ఉంటుంది, దాని జోలికి పోకండి. తెలుగు ఫైలునైనా రోజుకు ఒకటిన్నర జీబీ డేటాతో దించాలని కూర్చుంటే మధ్యలో తెగుతుంది. వైఫై ఉన్న బంధువుల ఇంట్లో, ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి రాత్రి వదిలేయడం మంచిది. దిగాక సైటులో రాసిన సైజుతో పోల్చి చూడండి. తక్కువ ఉంటే సగంలో తెగిందన్నమాట.

ఫైలును మెమరీ కార్డులో పెట్టి తీసుకుపోతే ఒక ఇబ్బంది ఎదురు కావచ్చు. 32 జీబీ, అంతకంటే చిన్న కార్డులు మామూలుగా పాత పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి. వాటిలో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు పట్టదు. జాగా ఎంతో ఉన్నా కాపీ కాదని చెప్తుంది, కారణం ఇదే. కార్డును exFAT అనే పద్ధతిలోకి మార్చుకుంటే సరిపోతుంది గానీ, మార్చితే అందులోని ఫొటోలన్నీ పోతాయి, ముందు వేరే చోట దాచుకోండి. ఇంకొకటి, బయటినుంచి కాపీ చేసిన ఫైలు ప్లే స్టోర్ కివిక్స్‌కు కనబడకపోతే, కివిక్స్ సొంత సైటులో ఉన్న ఆప్ వేసుకుంటే కనబడుతుంది.

నాకు అన్నింటికంటే నచ్చింది హాట్‌స్పాట్. కివిక్స్‌లోనే ఆ ఏర్పాటు ఉంది. పుస్తకాన్ని ఎంచుకుని మొదలుపెట్టమంటే తెరమీద ఒక అడ్రసు వస్తుంది, మామూలుగా 192తో మొదలవుతుంది. మిగతా ఫోన్లు ఆ వైఫైలో చేరి, క్రోమ్‌లో ఆ అడ్రసు ఉన్నదున్నట్టు కొడితే చాలు, తెలుగు వికీపీడియా తెరుచుకుంటుంది. వాళ్ళు ఏ ఆపూ వేసుకోనక్కర్లేదు, ఎవరి డేటా ఖర్చు కాదు. రెండు చోట్ల మాత్రం జనం తప్పుతారు. ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు, ఉంటారా అని ఫోన్ అడుగుతుంది, ఉంటామనే చెప్పాలి. అలాగే మొబైల్ డేటా ఆపేయాలి. ఆపకపోతే ఫోన్ ఆ అడ్రసును బయటి నెట్‌లో వెతుక్కుంటూ పోతుంది.

మొదటి రోజు మా అక్క మనవరాలికి వచ్చిన చిక్కు వేరు. వెతకడానికి ఫోన్‌లో తెలుగు కీబోర్డు లేదు. నోటితో చెప్పి రాయిద్దామంటే దానికీ నెట్ కావాలంది. కాబట్టి టౌన్‌లోనే తెలుగు కీబోర్డు కూడా దించి, ఏరోప్లేన్ మోడ్‌లో ఒక్క మాట రాసి చూడండి. అక్షరాల తేడా కూడా గుర్తుంచుకోవాలి. పోరుమామిళ్ళ అని ళకు ళ వత్తుతో రాస్తే దొరకనిది, ల వత్తుతో రాస్తే దొరకొచ్చు. మొత్తం పేరు రాయకుండా 'పోరుమా' దాకా రాసి ఆగితే కింద వరస దానంతట అదే వస్తుంది.

ఫైలు ఏ నెలలో కట్టారో ఆ నెల దాని పేరు చివర్లోనే ఉంటుంది. ఆ తర్వాత జరిగింది అందులో ఉండదు. చెరువుల సంగతి, చరిత్ర, జంతువులు, లెక్కల సూత్రాలు చదువుకోవడానికి అది ఇబ్బంది కాదు. పథకాల ఆఖరు తేదీలు, పంట ధరలు, మందుల మోతాదులు మాత్రం అందులో చూడకండి.

మా ఇంట్లో ఇప్పుడు సంక్రాంతికీ దసరాకూ ఊరికి పోయే ముందురోజు రాత్రి, కడపలో మా వైఫై దగ్గరే మ్యాపులు, పుస్తకం కొత్తవి దించుకుని, పాత ఫైలు తీసేసి బస్సెక్కుతున్నాం. అక్క మనవరాలు తన ఫోన్ కూడా ముందే పంపిస్తోంది.

నమస్కారం.