పన్నెండో అచ్చు నీలం

నమస్కారం.

నిరుడు వానాకాలంలో విశాఖపట్నం నుంచి నాకు ఒక పార్సిల్ తిరిగి వచ్చింది. అందులో ఉన్నది లినోలియం దిమ్మల మీద చెక్కి తీసిన నా లినోకట్టే. గోల్కొండ బురుజు, దాని మీద కమ్ముకున్న వానమబ్బు, నీలం, నలుపు రెండే రంగులు. అచ్చుతో పాటు దాన్ని కొన్నావిడ ఒక ఉత్తరం కూడా పెట్టారు. అందులో కోపం లేదు. అందుకే అది నన్ను ఎక్కువ బాధపెట్టింది. ‘ఫోనులో మబ్బు ఊదాగా కనిపించింది. మా హాలుకు ఆ ఊదా నప్పుతుందని కొన్నాను. వచ్చింది నీలం. బొమ్మ బాగుంది కానీ నేను కొన్నది ఇది కాదు’ అని రాశారు. కింద మూడు ప్రశ్నలు వేశారు. 12/30 అని ఉంది, తక్కినవి ఎక్కడ ఉన్నాయి? సంతకం మీరు చేసిందా, అచ్చులోనే వచ్చిందా? ఫోటోలో ఉన్న ఫ్రేము ఏమైంది?

నేను ఆన్‌లైన్‌లో పెట్టిన వివరణ తీసి చదువుకున్నాను. ‘పరిమిత ప్రతులు, కళాకారుని సంతకంతో, గోడకు అందం’ అని ఉంది. ఆవిడ అడిగిన ఒక్క ప్రశ్నకూ అందులో జవాబు లేదు. ఆ వివరణను మళ్లీ ఎలా రాశానో ఈ సాయంత్రం మీకు చెబుతాను. మీలో చాలామంది అచ్చులు తీస్తున్నారు, ఫోనులోనే అమ్ముతున్నారు. లక్ష్మా గౌడ్ ఎచింగ్‌లను దగ్గరగా నిలబడి చూసే వీలున్న నగరం మనది. విశాఖలో ఉన్న మనిషికి ఆ వీలు లేదు. ఆమెకు మన ఫోటో, మన మాటలు తప్ప వేరే ఆధారం లేదు.

ముందు ఆ నీలం సంగతి. తప్పు ఎక్కడ జరిగిందో వెతికితే ఒకటి కాదు, మూడు కారణాలు దొరికాయి.

మొదటిది వెలుతురు. ఆ ఫోటోను రాత్రిపూట మా ఇంటి ముందుగదిలో తీశాను. ఒకవైపు తెల్లని ట్యూబ్‌లైటు, మరోవైపు పసుపు బల్బు, పక్కన లేత గులాబీ రంగు గోడ. రెండు రకాల వెలుతురు కలిసి ఒకే కాగితం మీద పడితే కెమెరా రెండింటినీ ఒకేసారి సరిచేయలేదు. ఒకదానికి సర్దితే రెండోది తప్పుతుంది. గోడ రంగు కూడా కాగితం మీదికి పాకుతుంది. మన ఇళ్లలో గోడలకు ముదురు రంగులు వేయడం మామూలు కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి.

రెండోది చాలామందికి తెలియదు. నేను వాడిన సిరాలో ఉన్నది అల్ట్రామెరీన్. ఈ వర్ణకం నీలపు కాంతితో పాటు వర్ణపటం చివరన ఉండే ముదురెరుపు కాంతిని కూడా వెనక్కి పంపుతుంది. ఆ చివరి ఎరుపు మన కంటికి దాదాపు ఆనదు. కెమెరా సెన్సార్‌కు మాత్రం కొంత ఆనుతుంది. నీలానికి ఆ ఎరుపు తోడై ఫోటోలో ఊదా అవుతుంది. కోబాల్ట్ నీలంతోనూ ఇదే ఇబ్బంది. వెలుతురు ఎంత బాగున్నా ఈ ఊదా పూర్తిగా పోదు. కాబట్టి ఫోటో తీశాక కంప్యూటర్‌లో ఆ ఒక్క నీలాన్నే పట్టుకుని, పక్కన అసలు అచ్చు పెట్టుకుని, రెండూ కలిసేదాకా సరిచేయాలి. మొత్తం బొమ్మను ఆకుపచ్చవైపు జరిపితే కాగితం రంగు చెడిపోతుంది.

మూడో కారణానికి ప్రతుల సంఖ్యతో సంబంధం ఉంది. దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను.

ఇప్పుడు నేను ఫోటో ఎలా తీస్తానో చెబుతాను. అచ్చును గోడకు నిటారుగా ఆనించి, కెమెరాను దానికి సరిగ్గా ఎదురుగా, సమాంతరంగా ఉంచుతాను. రెండువైపులా 45 డిగ్రీల కోణంలో ఒకే రకం దీపాలు పెడతాను. అవి 5000 కెల్విన్ తెలుపు ఇచ్చేవి, రంగులను సరిగా చూపే సూచిక 95కు పైన ఉన్నవి. ఇంట్లో వేరే దీపం ఏదీ వెలగకూడదు. ఆ దీపాలు లేనివారు మబ్బు పట్టిన రోజున ఉత్తరం వైపు వరండాలో నీడపట్టున తీయవచ్చు. మన వానాకాలం అందుకు బాగా పనికొస్తుంది. మొదటి ఫోటోలో అచ్చు పక్కన బూడిదరంగు కార్డు ఉంచి, తెలుపును ఆ కార్డుతో సరిచేస్తాను. కాగితంతో సరిచేయకూడదు, ఎందుకంటే నా కాగితం తెల్లనిది కాదు, మీగడ రంగుది. దాన్ని తెలుపు అనుకోమని కెమెరాకు చెబితే మీగడ ఛాయ పోయి నీలం మరింత చల్లబడుతుంది. ఫోనులో రంగులకు తనంతట తాను మెరుపు పెంచే సదుపాయం ఉంటే దాన్ని ఆపేస్తాను. చివర ఫైలును sRGB లో దాచి ఎక్కిస్తాను. వేరే విస్తృత వర్ణపరిధిలో దాచిన ఫైలు కొన్ని తెరల మీద వెలిసిపోయినట్టు కనిపిస్తుంది.

నీలం గురించే చెబుతున్నాను కానీ ఎరుపు కూడా తక్కువది కాదు. చేర్యాల చిత్రాల నేపథ్యంలో ఉండే ఆ నిండు ఎరుపు కెమెరాలో తొందరగా పొంగిపోతుంది. అప్పుడు కుంచె జాడలన్నీ మాయమై ఒకటే ఎర్రటి మచ్చ మిగులుతుంది. ఎరుపు ఎక్కువగా ఉన్న మూలచిత్రాన్ని తీసేటప్పుడు వెలుతురు కాస్త తగ్గించి తీయండి. బంగారు రేకు, వెండి పూత మాత్రం ఏ ఫోటోకూ లొంగవు. వాటికి పక్క నుంచి వెలుతురు పడేలా ఇంకో ఫోటో తీసి, మెరుపు కోణాన్ని బట్టి మారుతుందని రాయడమే మార్గం.

ఇంత చేసినా కొనేవారి ఫోను తెర మన చేతిలో ఉండదు. అందుకే రంగును మాటల్లో కూడా చెప్పాలి. ‘తెరను బట్టి రంగులు మారవచ్చు’ అన్న వాక్యం అందరూ రాస్తారు. దానితో కొనేవారికి ఏమీ తెలియదు. ఎటు మారుతుందో చెప్పాలి. నేను ఇప్పుడు ఇలా రాస్తున్నాను: ‘మబ్బు నీలం ముదురు సిరా నీలం, ఊదా కాదు. కొన్ని తెరల మీద ఊదాగా కనిపించవచ్చు. కాగితం మీగడ రంగు.’

ఇక సంఖ్య. 12/30 అంటే ఈ దిమ్మల నుంచి అమ్మకానికి తీసినవి 30 అచ్చులు, ఇది వాటిలో పన్నెండోది. ఇవి కాక కళాకారుడు తన కోసం కొన్ని తీసుకుంటాడు. వాటి మీద ఏ.పీ., అంటే ఆర్టిస్ట్స్ ప్రూఫ్, అని రాస్తారు. పదిశాతం మించకపోవడం ఆనవాయితీ. నాకు మూడు ఉన్నాయి. అంటే లోకంలో ఈ బొమ్మ 33 కాగితాల మీద ఉంది. కొనేవారికి ఆ 33 చెప్పాలి. 30 అని చెప్పి మూడు దాచడం నాకు సమ్మతం కాదు.

మూడో కారణం ఇక్కడే ఉంది. నేను ఆ 30 అచ్చులూ ఒకే రోజు తీయలేదు. మొదట పది తీశాను. నెల తర్వాత సిరా మళ్లీ కలిపి మిగతా ఇరవై తీశాను. రెండోసారి నలుపు చుక్క కాస్త ఎక్కువ పడి నీలం ముదిరింది. ఆన్‌లైన్‌లో పెట్టిన ఫోటో మూడో అచ్చుది. ఆవిడకు పంపింది పన్నెండోది. చేతి అచ్చుల్లో ఇలాంటి తేడా ఉండటం దోషం కాదు, చెప్పకపోవడం దోషం. ఇప్పుడు మొదటి పదికి ఒక ఫోటో, మిగతా ఇరవైకి మరో ఫోటో పెడుతున్నాను. ఏ సంఖ్య పంపబోతున్నానో ముందే రాస్తున్నాను.

డ్రైపాయింట్ చేసేవారు ఈ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సూదితో గీసినప్పుడు లోహపు పలక మీద లేచే సన్నని అంచు వల్లే ఆ మెత్తని నలుపు వస్తుంది. ప్రతి అచ్చుకూ ప్రెస్ ఒత్తిడికి ఆ అంచు అణిగిపోతుంది. మొదటి అచ్చుకూ ముప్పయ్యో అచ్చుకూ మధ్య తేడా కంటికి తెలుస్తుంది. ఒకే ఫోటోతో అన్నీ అమ్మకూడదు.

సంఖ్య ప్రకటించాక పెంచకూడదు, చిన్న సైజులో మరో 50 తీసి అదే బొమ్మను కొత్త ఎడిషన్ అనకూడదు. తీసే ఆలోచన ఉంటే మొదటి రోజే చెప్పాలి. ముప్పై పూర్తయ్యాక నేను రెండు దిమ్మల మీదా అడ్డంగా గీత చెక్కి, ఆ గీతతో ఒక అచ్చు తీసి దాచాను. అడిగినవారికి దాని ఫోటో పంపుతాను. ఇక నీటిరంగు చిత్రాన్ని స్కాన్ చేసి పిగ్మెంట్ సిరాతో యంత్రం మీద తీసిన ప్రతి ఎంత మంచి నూలు కాగితం మీద ఉన్నా ‘ఒరిజినల్ ప్రింటు’ కాదు. ‘నీటిరంగు చిత్రానికి డిజిటల్ ప్రతి’ అని రాయండి. దాన్ని ఇష్టపడి కొనేవారు ఉన్నారు, వారికి నిజం తెలిసి కొనే హక్కు ఉంది.

సంతకం గురించి ఆవిడ అడిగిన ప్రశ్న చాలా సరైనది. 1894లో మొదలైన రవివర్మ ప్రెస్ బొమ్మలు మన పాత ఇళ్లలో ఎన్నో ఉన్నాయి. వాటి మీద కనిపించే పేరు అచ్చుకు వాడిన రాతిపలక నుంచి బొమ్మతో పాటే అచ్చయినది, చేత్తో పెట్టినది కాదు. కాబట్టి ‘సంతకం ఉంది’ అంటే సరిపోదు. నా వివరణలో ఇప్పుడు ‘బొమ్మ కింద అంచున పెన్సిల్‌తో, ఎడమవైపు సంఖ్య, కుడివైపు సంతకం, సంవత్సరం’ అని ఉంది. ఆ అంచును దగ్గరగా తీసిన ఫోటో కూడా ఉంది. పెన్సిలే ఎందుకంటే గ్రాఫైట్ వెలిసిపోదు, తేమకు పాకదు.

ఫ్రేము సంగతికి వస్తే, ఫోటోలో ఫ్రేము కనిపిస్తే అది కూడా వస్తుందనే ఎవరైనా అనుకుంటారు. ఫ్రేములో ఉన్న ఫోటో చివర ఒక్కటి చాలు, దాని కిందే ‘ఫ్రేము ధరలో కలవలేదు’ అని ఉండాలి. ఫ్రేముతో అమ్మేవారు లోపల ఏముందో కూడా చెప్పాలి. మన దుకాణాల్లో దేవుడి పటాలు కట్టే అలవాటు కొద్దీ కాగితాన్ని జిగురుతో అట్టకు పూర్తిగా అంటించేస్తారు. నా అచ్చు ఒకటి అలాగే పాడైంది. వానాకాలపు తేమకు కాగితం సాగుతుంది, ఎండాకాలానికి ముడుచుకుంటుంది. కదలడానికి చోటు లేకపోతే అలలు తేలుతుంది. ఆమ్లం లేని మౌంటు, పై అంచున మాత్రమే జపాన్ కాగితపు పట్టీలు, గోధుమ గంజి, కాగితానికి తగలకుండా ఎడంగా అద్దం. ఇవి అడిగి కట్టించుకోండి. దూరం పంపేటప్పుడు గాజు బదులు అక్రిలిక్ వాడి, ఆ మాట రాయండి.

కొలతలు మూడూ ఇవ్వండి: బొమ్మ, కాగితం, ఫ్రేము బయటి అంచు. నా వివరణలో బొమ్మ 30×40 సెంటీమీటర్లు, కాగితం 40×50. ఒక్క కొలతే ఇస్తే కొనేవారు ముందే ఫ్రేము చేయించుకుని చిక్కులో పడతారు.

విశాఖ ఆవిడకు డబ్బు తిరిగి పంపి, కొత్త వివరణ కూడా పంపాను. ఆవిడ నాలుగో అచ్చు తీసుకున్నారు, మొదటి పదిలోది. తిరిగి వచ్చిన పన్నెండో అచ్చు ఇదిగో, ఈ బల్ల మీద ఉంది. పక్కన ఫోనులో దాని ఫోటో తెరిచి పెట్టాను. రెండింటినీ ఆ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూడండి. తేడా ఎక్కడ కనిపించిందో ఒక్క వాక్యంలో రాసి ఈ డబ్బాలో వేయండి. రేపు ఉదయం వివరణలో ఆ వాక్యం చేరుస్తాను.