బద్ద పప్పు అని వెతికితే బద్ద పప్పే దొరకాలి

అందరికీ నమస్కారం. కాశీబుగ్గలో మాది జీడిపప్పు కొట్టు. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ పెట్టిన కొత్తలో సరుకు పేర్లు నేనే టైప్ చేశాను. గోడౌన్‌లో బస్తాల మీద ఏముంటే అవే పెట్టాను: W240, W320, S, LWP. ఫోటోలు బాగానే వచ్చాయి, ధరలూ సరిగ్గానే ఉన్నాయి.

ఒకరోజు సోంపేట నుంచి మా పాత కస్టమర్ ఒకావిడ ఫోన్ చేశారు. "ఏం బాబూ, బద్ద పప్పు అమ్మడం మానేశారా?" అన్నారు. ఆ రోజు కొట్టులో ఉన్నదంతా బద్ద పప్పే. ఆవిడ కేటలాగ్ తెరిచి, పైన ఉన్న భూతద్దం గుర్తు నొక్కి badda అని కొట్టారు. ఏమీ రాలేదు. వస్తుందని ఎలా అనుకుంటాం? నేను పెట్టిన పేరు S. రెండు ముక్కలైన పప్పుకి వ్యాపారుల గుర్తు అది. వంటింట్లో ఆ అక్షరంతో ఎవరికీ పని లేదు.

W320 సంగతీ అంతే. ఒక పౌనుకి, అంటే 454 గ్రాములకి, 300 నుంచి 320 గింజలు తూగే తెల్ల గుండు పప్పు అది. అంకె పెరిగేకొద్దీ గింజ చిన్నదవుతుంది. ఇది తెలియని మనిషికి 320 పెద్దదిలా, 240 చిన్నదిలా అనిపిస్తుంది. పెద్ద గుండు కావాలనుకున్నవాళ్లు 320 ఆర్డర్ పెట్టి, ప్యాకెట్ విప్పాక మా మీద కోప్పడ్డారు. తప్పు వాళ్లది కాదు, నేను పెట్టిన పేరుది.

అప్పుడు పేర్లన్నీ తిరగరాశాను. ఒకటి చూపిస్తాను. పాత పేరు W320. కొత్తది ఇది:

```
జీడిపప్పు గుండు jeedipappu W320 1 కిలో
```

వివరణలో మొదటి వాక్యం: "మధ్యరకం గుండు పప్పు, కిలోకి సుమారు 700 గింజలు." తర్వాత: "పాయసానికి, పలావుకి, వేయించుకోవడానికి. kaju, cashew, jidipappu, జీడి పప్పు."

ముందు తెలుగు మాట ఎందుకంటే, జాబితాలో పేరు పొడవైతే చివర తెగిపోయి చుక్కలు పడతాయి. మొదటి రెండు మూడు మాటలే కంటికి ఆనతాయి. ఇంగ్లీషు అక్షరాల్లో కూడా ఎందుకంటే, మన జనం తెలుగులో మాట్లాడతారు కానీ ఎక్కువమంది టైప్ చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే. 'జీడిపప్పు' అని మాత్రమే రాసి ఉంటే jeedipappu అని కొట్టినవాళ్లకి దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోకండి. తెలుగులోనే రాసినా, మధ్యలో ఖాళీ ఉంటే ఒకటి, లేకపోతే ఇంకొకటి. అందుకే 'జీడి పప్పు' అని విడదీసి కూడా వివరణలో వేశాను. అలాగని పది స్పెల్లింగులు పేరులోనే కుక్కకూడదు, అసలు పేరు అందులో మునిగిపోతుంది. W320 మాత్రం తీసెయ్యలేదు, హోల్‌సేల్ వాళ్లు అదే కొడతారు.

మరి కస్టమర్లు ఏ మాట వాడతారో ఎలా తెలుస్తుంది? మన చాట్లలోనే ఉంది. వాట్సాప్‌లో పైన వెతికే చోట unda అని కొట్టండి. "badda pappu unda", "mukkalu unda andi", "kaju 1/2 kg unda" అని మీకు వచ్చిన మెసేజ్‌లన్నీ వరసగా వస్తాయి. తర్వాత kavali అని, ఆ పైన తెలుగులో 'ఉందా' అని కొట్టండి. ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోతే గంటలో మీ సరుకుకి జనం పెట్టుకున్న పేర్లు చేతికొస్తాయి. వాయిస్ మెసేజ్‌లు మాత్రం ఇలా దొరకవు. వాటిని విని రాసుకోవాల్సిందే. మా పెద్దవాళ్ల ఆర్డర్లన్నీ వాయిస్‌లోనే వస్తాయి, బద్ద అనే మాట అక్కడే ఎక్కువ.

ఇంకో సంగతి. వివరణలో 'పలాస, మందస, సోంపేట' అని ఊళ్ల పేర్లు వేస్తే కొత్తవాళ్లు వచ్చి పడతారని చాలామంది అనుకుంటారు. కేటలాగ్‌లోని ఆ భూతద్దం వెతికేది మన కొట్టు సరుకునే, ఊరంతటినీ కాదు. మన నంబర్ గానీ లింకు గానీ చేతిలో లేని మనిషి అక్కడిదాకా రాలేడు. ఊరివాళ్లు వెతికేది తమ ఫోన్‌లో, తమ గ్రూపుల్లో. అందుకే కాలనీ గ్రూపులో wa.me/c/ తో మొదలయ్యే కేటలాగ్ లింకు ఒక్కటే పడేసి ఊరుకోకండి. దానితో పాటు ఒక వాక్యం రాయండి: "జీడిపప్పు గుండు, బద్ద, ముక్కలు (jeedipappu, kaju), కాశీబుగ్గ, మందస దాకా ఇంటికి పంపుతాం." రెండు నెలల తర్వాత పెళ్లి పనుల్లో ఎవరో kaju అని తమ వాట్సాప్‌లో వెతికితే, మెసేజ్ చెరిపెయ్యకుండా ఉంటే, ఆ వాక్యం పైకి వస్తుంది, దాని వెంట లింకూ వస్తుంది. ఉత్త లింకులో kaju అన్న మాటే లేదు కదా.

పేర్లు మార్చాక మీ ఫోన్‌లో చూసి సరిపెట్టుకోవద్దు. మార్చినది వాట్సాప్ వాళ్లు పరిశీలించాకే బయటికి కనిపిస్తుంది, కొంత ఆగాలి. ఆగాక, ఇంట్లో ఇంకొకరి ఫోన్ తీసుకుని, మీ నోట్‌బుక్‌లో రాసుకున్న మాటలు ఒక్కొక్కటే మీ కేటలాగ్‌లో కొట్టండి. ఏ మాటకి సరుకు రాలేదో దాని పక్కన గుర్తు పెట్టండి, ఆ మాటని పేరులోకి తెచ్చి మళ్లీ చూడండి. ఫోన్లు తీయండి, ముందు unda తో మొదలుపెడదాం.