పొగను కాల్చే పొయ్యి

[దృశ్యం: మూడు రాళ్ల పొయ్యి. ఒక కట్టె పగులు నుంచి పొగ సన్నని ధారగా చిమ్ముతూ ఉంటుంది.]

ఈ కట్టె పగులును గమనించండి. అందులోంచి చిమ్ముతున్న పొగ, పక్కనున్న మంట తగలగానే తానే మంటగా మారుతోంది. ఆ మంట గాలికి కాస్త తప్పుకుంటే మళ్లీ పొగగానే వంటింట్లోకి పోతోంది. మన కళ్లను మండించి, గిన్నె అడుగున మసిగా పేరుకునే ఆ పొగలో చాలా భాగం కాలకుండా తప్పించుకున్న వంటచెరకే.

కట్టెకు సెగ తగిలినప్పుడు మొదట అందులోని తేమ ఆవిరవుతుంది. ఉష్ణోగ్రత సుమారు 250 డిగ్రీలు దాటాక కట్టెలోని పదార్థమే విడిపోవడం మొదలై, ఎండు కట్టె బరువులో నాలుగింట మూడు వంతులకు పైగా వాయువులుగా, తారు ఆవిరిగా బయటికి వస్తుంది. దీనినే పైరాలిసిస్ అంటారు. దీనికి గాలి అక్కర్లేదు, వేడి చాలు. మిగిలేది బొగ్గు. ఆ బొగ్గు బాగా ఎర్రబడి ఉన్నప్పుడు దాని గుండా నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు వెళితే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ తయారవుతాయి. అది గ్యాసిఫికేషన్. మనం చూడబోయే చిన్న పొయ్యిని గ్యాసిఫయర్ అని పిలుస్తున్నా, నిజానికి అందులో ఎక్కువ పని పైరాలిసిస్‌దే.

[దృశ్యం: నిలువు డబ్బా పొయ్యి, నిలువుకోత బొమ్మ. అడుగున కొద్ది రంధ్రాలు, పై అంచు కింద రంధ్రాల వరుస.]

అమెరికాలో థామస్ రీడ్, నార్వేకు చెందిన పాల్ వెండెల్‌బో ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే చేరుకున్న పద్ధతి ఇది. డబ్బాను చెక్క ముక్కలతో నింపి, నిప్పు అడుగున కాకుండా పైన పెడతారు. అడుగు రంధ్రాల నుంచి వచ్చే గాలి చాలా తక్కువ కాబట్టి, అది పలుచని ఒక పొరను మాత్రమే రగిలించగలదు. ఆ పొర కొద్దికొద్దిగా కిందికి దిగుతూ తన కిందనున్న చెక్కను పైరాలిసిస్ చేస్తుంది. పుట్టిన వాయువులు పైనున్న వేడి బొగ్గు గుండా ఎక్కుతాయి. అప్పటికే ప్రాణవాయువు ఖర్చయిపోయి ఉంటుంది కనుక అవి అక్కడ కాలవు. పై అంచుకు చేరాక, రెండో వరుస రంధ్రాల నుంచి వచ్చే వెచ్చని గాలితో కలిసి మండుతాయి. మూడు రాళ్ల పొయ్యిలో వాయువు ఎక్కడ పుడుతుందో, గాలి ఎక్కడ తగులుతుందో మన చేతిలో ఉండదు. ఇక్కడ ఆ రెండు పనులకూ వేర్వేరు చోట్లు, వేర్వేరు గాలి ఉన్నాయి.

[దృశ్యం: తూకం మీద చెక్క ముక్కలు, పక్కన గడియారం.]

15 సెంటీమీటర్ల వ్యాసమున్న డబ్బాలో 18 సెంటీమీటర్ల ఎత్తున ఎండు చెక్క ముక్కలు నింపితే సుమారు 800 గ్రాములు పడతాయనుకుందాం. రగిలే పొర నిమిషానికి నాలుగున్నర మిల్లీమీటర్లు దిగితే, మంట 40 నిమిషాలు నిలుస్తుంది. చివరికి సుమారు 160 గ్రాముల బొగ్గు మిగులుతుంది. బరువులో అది అయిదో వంతే అయినా, చెక్కలోని మొత్తం శక్తిలో మూడో వంతుకు పైగా అందులోనే ఉంటుంది. అందుకే ఆ బొగ్గును వాడుకోని ఇంట్లో పొగ తగ్గినంతగా వంటచెరకు ఆదా కాదు. అమ్మేవారు ఈ సంగతి అంతగా చెప్పరు.

ముక్కలు ఎండినవై, ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉండాలి. రంపపు పొట్టు, ఊక వంటివి గాలికి దారి ఇవ్వవు కాబట్టి వాటికి ఫ్యాను కావాలి. మధ్యలో కొత్త ముక్కలు వేస్తే అవి వేడి బొగ్గు మీద ఒక్కసారిగా పొగ చిమ్ముతాయి; వంట సగంలో ఉండగా వంటచెరకు వేయలేకపోవడం ఈ పొయ్యితో వచ్చే పెద్ద చిక్కు. ఈదురుగాలికి పై మంట ఆరిపోతే, కింద పైరాలిసిస్ మాత్రం ఆగదు గనుక తెల్లని దట్టమైన పొగ లేస్తుంది. అప్పుడు ముఖం దూరంగా ఉంచి, మండే పుల్లను పై అంచున చూపితే ఆ పొగే తిరిగి అంటుకుంటుంది.

[దృశ్యం: పసుపు మంట తగ్గి, పొట్టి నీలి మంటగా మారుతుంది.]

పసుపు మంట తగ్గి నీలిగా మారిందంటే, రగిలే పొర అడుగుకు చేరి చెక్క అయిపోయిందని అర్థం. ఇక కాలేది బొగ్గే. ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు: పొగ కనబడదు కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు. కానీ బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, తలుపులు మూసిన గదిలో అది ప్రాణాంతకం. కాబట్టి నీలి మంట కనబడగానే పొయ్యిని ఆరుబయటికి తెచ్చి, బొగ్గును ఇనుప కుండలోకి వంచి, గాలి చొరబడకుండా మూత బిగించాలి. పూర్తిగా చల్లారకముందే మూత తీస్తే, బొగ్గు మళ్లీ రాజుకుంటుంది.